కళ్ళు తిరిగి పడలేదు

ముస్తాక్ పని మీద ఎవరింటికి వెళ్ళినా కాఫీ ముట్టుకోడు. తాగితే మొహమాటం పుడుతుంది. మొహమాటం పుడితే అడగాల్సిన ప్రశ్న గొంతు దాటి రాదు. బీమా కంపెనీలకి ఏ క్లెయిము మీదైనా అనుమానం వస్తే ఆ ఫైలు తెచ్చి ఇతని చేతిలో పెడతాయి. ఇతను వెళ్ళి, చూసి, నలుగురిని అడిగి రిపోర్టు రాసిస్తాడు. ఈ ఉద్యోగంలో చేరాకే మనిషికి ఎవరి మీదా నమ్మకం లేకుండా పోయిందని భార్య ఆస్రా అంటుంది. ఉద్యోగం పెళ్ళికి ముందుదే, అంతకు ముందు తనకి నమ్మకం ఉండేదని ఆవిడకి ఎవరు చెప్పారో మరి.

ఆ మధ్యాహ్నం భవానీపురంలో వెంకటప్పయ్య ఇంటి హాల్లో కూర్చున్నప్పుడు కూడా, కోడలు కీర్తన తెచ్చి పెట్టిన కాఫీ మీద మీగడ కట్టేదాకా అతను ఫైలులోంచి తలెత్తలేదు.

వెంకటప్పయ్యకి పామర్రులో ఎరువుల కొట్టుంది. సరుకు బాగా అమ్మిన డీలర్లని కంపెనీ వాళ్ళు భార్యలతో సహా బ్యాంకాక్ తీసుకెళ్ళారు. అక్కడ హోటల్లో ఆయన భార్య పద్మావతమ్మ పడిపోయి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అక్కడే చెయ్యాల్సి వచ్చింది. ప్రయాణానికి ముందు తీసుకున్న ట్రావెల్ పాలసీ చేతిలోనే ఉంది. ఫోన్ చేస్తే బీమా వాళ్ళు, "పేషెంటుకి షుగరుందని రాసుంది, కళ్ళు తిరిగి పడ్డారని కూడా రాసుంది, ముందు మీరు కట్టుకోండి, కాగితాలు పెట్టాక చూస్తాం" అన్నారు. ఆయన అప్పు చేసి కట్టాడు. క్లెయిము వస్తే ఆ అప్పు తీరుతుంది. రాకపోతే పామర్రు దగ్గర ఉన్న ఎకరంన్నర పోతుంది. కొనేవాళ్ళు అప్పుడే ఒకసారి వచ్చి గట్టు మీద నిలబడి చూసి వెళ్ళారు.

పాలసీలో రాసింది పేచీ లేని సంగతే. పాలసీ తీసుకునేటప్పటికే ఉన్న జబ్బుకీ, ఆ జబ్బు వల్ల వచ్చిపడే వాటికీ కంపెనీ ఇవ్వదు. ప్రాణం మీదికొస్తే మాత్రం, గండం గడిచేదాకా, అదీ చిన్న పరిమితి వరకే ఇస్తుంది. అదే ప్రమాదమైతే పాలసీలో ఉన్నంత మేరకూ ఇస్తుంది. పద్మావతమ్మకి షుగరుందని ఫారంలో ముందే రాశారు, దాచలేదు. కాబట్టి ఇప్పుడు తేలాల్సింది ఒకటే: ఆవిడ ఎందుకు పడింది?

కాగితాలన్నీ ఉన్నాయి. పాస్‌పోర్టు మీద ముద్రలు, ఆస్పత్రి డిశ్చార్జి సమ్మరీ, బిల్లులు, డబ్బు కట్టిన రసీదులు, ఇక్కడి డాక్టరు ఇచ్చిన పాత చీటీలు, అన్నీ వరసగా పిన్ను కొట్టి ఉన్నాయి. ఇంత పద్ధతిగా ఉంటేనే ముస్తాక్‌కి ఒళ్ళు మండుతుంది. నిజం చెప్పేవాళ్ళ దగ్గర ఏదో ఒక కాగితం కనపడకుండా పోవాలి కదా!

"ఏం జరిగిందో మళ్ళీ ఒకసారి చెప్పండి" అన్నాడు.

"ఏవుందండీ, కళ్ళు తిరిగినయ్యి, పడిపోయింది" అన్నాడు వెంకటప్పయ్య.

"ఎక్కడ?"

"గదిలోనండీ. బాత్రూం దగ్గర."

"ఉయ్యూరు సంజీవరావు గారు అలా చెప్పలేదే! కింద లాబీలో నేల తడిగా ఉంటే జారిపడ్డారు, నేనే లేపానన్నాడు."

సంజీవరావు కూడా డీలరే. అదే బృందంలో వెళ్ళి వచ్చినవాడు. ఆ పేరు వినగానే వెంకటప్పయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఆయన మా మంచి కోసం చెప్పుంటాడండీ. జారిపడ్డారంటే డబ్బులొస్తయ్యని ఎవరో చెప్పుంటారు."

"మీరు అడిగారా అలా చెప్పమని?"

"అయ్యో, లేదండీ!"

అడిగిన ప్రతివాడూ లేదనే అంటాడు. ముస్తాక్ ఆ మాట కూడా రాసుకున్నాడు. ఒకళ్ళు గదిలో అంటారు, ఒకళ్ళు లాబీలో అంటారు. పడిన మనిషి మాత్రం అటు తిరిగి గోడకేసి చూస్తోంది. పద్మావతమ్మ వాకర్ పక్కన పెట్టుకుని దివాన్ మీద కూర్చుని ఉంది. వచ్చినప్పటి నుంచీ నోరు విప్పలేదు. ఏది అడిగినా మొగుడే జవాబు చెబుతున్నాడు. ముస్తాక్‌కి నచ్చనిది అదే.

ఆవిడ చీర అంచు కాస్త జరిగినప్పుడు కుడికాలి పిక్క మీద పొడుగాటి కుట్ల మచ్చ కనపడింది. అతను సమ్మరీ తిరగేశాడు. కుడికాలికి తెగిన గాయం, కుట్లు వేశాం అని ఉంది. కళ్ళు తిరిగి కూలబడ్డ మనిషికి తుంటి విరగొచ్చు. పిక్క అంత పొడుగున ఎందుకు తెగుతుంది?

"ఇదేంటమ్మా?"

పద్మావతమ్మ గబుక్కున చీర సర్దుకుంది.

"అదా, ఏదో గీసుకుందండీ" అన్నాడు వెంకటప్పయ్య.

"గాజు పెంకా?"

"కాదు" అన్నారు మొగుడూ పెళ్ళాం ఒకేసారి.

ముస్తాక్ పెన్ను మూసి జేబులో పెట్టుకున్నాడు. అతని బుర్రలో బొమ్మ మొత్తం వచ్చేసింది. ఆ సాయంత్రం డీలర్లకి పార్టీ జరిగిందని సంజీవరావే చెప్పాడు. పార్టీ అంటే మందు. మందు తర్వాత గది. గదిలో సీసా పగిలింది, ఆడమనిషి కాలు తెగింది, ఎముక విరిగింది. బయటికొచ్చి కళ్ళు తిరిగాయన్నారు. ఇలాంటి ఇళ్ళు అతను చాలా చూశాడు. దేవుడి పటాలకి పూలదండలుంటాయి, కోడలు మంచి కప్పుల్లో కాఫీ తెస్తుంది.

కీర్తన వంటింటి గుమ్మంలో నిలబడి ఉంటే అడిగాడు. "మీకు ఏం చెప్పారమ్మా?"

"నాకేం తెలీదండీ. ఆ సంగతెత్తితే అత్తయ్య అన్నం కూడా మానేస్తారు" అని ఆ అమ్మాయి లోపలికి వెళ్ళి మిక్సీ వేసింది.

వెంకటప్పయ్య కుర్చీ దగ్గరికి లాక్కుని గొంతు తగ్గించాడు. "సార్, ఇంకెందుకండీ ఇదంతా. నేను క్లెయిం వెనక్కి తీసుకుంటాను. ఏం సంతకం పెట్టాలో చెప్పండి, పెట్టేస్తాను. పొలం పోతే పోనివ్వండి."

ముస్తాక్‌కి ఇక అనుమానం లేదు, కోపమే మిగిలింది. సొంత పొలాన్ని వదులుకోడానికి సిద్ధపడ్డ మనిషి ఎంత పెద్దది దాస్తుంటాడు!

"వెనక్కి తీసుకున్నా నేను చూసింది నేను రాయాలి. సూటిగా అడుగుతున్నాను, సూటిగా చెప్పండి. ఆ రోజు మీరు తాగి ఆవిడ మీద చెయ్యి చేసుకున్నారా?"

వెంకటప్పయ్య కళ్ళల్లో గిర్రున నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు చూసి కూడా ముస్తాక్ కరగలేదు. ఇలాంటి నీళ్ళు కూడా చాలా చూశాడు.

"ఆయన్ని అనకండి" అంది పద్మావతమ్మ.

ఆ ఒక్క 'కాదు' తప్ప ఆ ఇంట్లో ఆవిడ గొంతు అతను వినడం అదే మొదలు. "పొలం పోతే ఏడ్చి ఊరుకుంటాను. ఆయన మీద ఆ మాట పడితే ఊరుకోను. నా మీద ఈగ వాలనియ్యని మనిషి. ఆ పార్టీలో కూడా నాతో పాటు మజ్జిగే తాగాడు."

"పద్మా, వద్దులే" అన్నాడు వెంకటప్పయ్య.

"మీరుండండి. ఒట్టేయించుకుంది నేనేగా, నేనే తీసేస్తున్నా." ఆవిడ ముస్తాక్ వైపు చూడకుండా, వాకర్ పిడికేసి చూస్తూ చెప్పింది. "నాకా కమోడ్ మీద కూచోటం అలవాటు లేదు బాబూ. కూచుంటే రాదు. మనింట్లోలాగా దాని మీదకెక్కి గొంతుక్కూచున్నాను. ఆ ప్లాస్టిక్ సీటు ఫెళ్ళుమని విరిగి పక్కకి పోయింది. దాని అంచు పిక్కలో దిగింది. తుంటి వెళ్ళి స్నానాల తొట్టి గట్టుకి కొట్టుకుంది. అంతే. నా కళ్ళు తిరగలా, ఏం తిరగలా."

ముస్తాక్ సమ్మరీలో కాలి గాయం రాసిన చోటు మళ్ళీ తీసి చూశాడు.

"అంబులెన్సులో ఆయన చెయ్యి పట్టుకుని చెప్పాను, నా గొంతులో ప్రాణం ఉండగా ఈ సంగతి బయటికి రాకూడదని. ఎందుకు పడ్డారని డాక్టరు అడిగితే, పాపం, నోటికొచ్చింది చెప్పాడు. మనవాళ్ళు ఎవరు పడ్డా కళ్ళు తిరిగాయనేగా అంటారు. ఆ మాటతోటి ఇంత అవుద్దని ఆయనకేం తెలుసు?"

"డాక్టరుకి చెబితే ఏమయ్యేదమ్మా?"

"డాక్టరుకి కాదు." ఆవిడ గొంతు బాగా తగ్గింది. "వెళ్ళేముందు కీర్తన పదిసార్లు చెప్పింది. అత్తయ్యా, అక్కడన్నీ కమోడ్లే, మా బాత్రూంలో అలవాటు చేసుకోండి అని. నేనేమో, నీకంటే ముందు పుట్టాను, నాకు చెప్పొచ్చావా అని కసురుకున్నాను. ఇప్పుడు దాని ముందు ఏ మొహం పెట్టుకుని తిరగను?"

ముస్తాక్‌కి నవ్వు రాలేదు. సిగ్గేసింది. సీసా, మందు, దెబ్బలు అన్నీ తనే కల్పించి, ఒక ముసలాయన నెత్తిన రుద్దేశాడు. కుర్చీలోంచి సగం లేచి, "పెద్దాయనా, నన్ను క్షమించండి" అన్నాడు. వెంకటప్పయ్య పర్లేదన్నట్టు చెయ్యూపి కండువాతో మొహం తుడుచుకున్నాడు.

తర్వాత ముస్తాక్ మళ్ళీ పెన్ను తీశాడు. "అమ్మా, ఇది షుగరు వల్ల కాదు. ప్రమాదం. ఆస్పత్రిలో చేర్చుకున్నప్పుడు చూసిన షుగరు కూడా మామూలుగానే ఉంది. పడిపోయేంత తగ్గలేదు. కాలి గాయం సమ్మరీలో ఉంది. హోటల్ వాళ్ళు విరిగిన సీటు గురించి రాసుకునే ఉంటారు, ఆ కాగితం అడిగి తెప్పించండి. సంజీవరావు గారు కూడా తన మాట సరిదిద్దుకోవాలి. కానీ ఒకటి. డాక్టరు దగ్గర ఒక మాట, ఇక్కడ ఒక మాట ఉన్నాయి. ముందు చెప్పింది ఎందుకు చెప్పారో మీ స్టేట్‌మెంటులో ఉన్నదున్నట్టు ఉండాలి. అది దాస్తే డబ్బు కోసం ఇప్పుడు మాట మార్చారంటారు."

"అంటే, ఎక్కి కూచున్నానని కూడా రాయాలా?"

"రాయాలమ్మా. సిగ్గుపడి చెప్పలేదని కూడా."

"రాస్తే ఇస్తారా?"

"నేను ప్రమాదమనే రాస్తాను. ఇవ్వాలో వద్దో తేల్చేది కంపెనీ. కానీ ఇది లేకపోతే మాత్రం ఇవ్వరు."

ఆవిడ పిక్క మీద చీర అంచు సర్దుకుంది. వెంకటప్పయ్య ఆవిడ మొహంలోకి చూడలేదు. పొలం మాట ఎత్తలేదు.

"రాయండి" అంది చివరికి.

ముస్తాక్ ఆవిడ మాటల్లోనే రాశాడు. రాసింది చదివి వినిపించడం పద్ధతి. వంటింటి వైపు ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించి మొదలుపెట్టాడు. "పద్మావతమ్మ అను నేను, హోటల్ గదిలోని కమోడ్..."

"గట్టిగా చదవండి బాబూ" అంది ఆవిడ.

"వినపడుతుందమ్మా లోపలికి."

"వినపడాలనే."

అతను మళ్ళీ మొదటి నుంచీ గట్టిగా చదివాడు. సగంలో వంటింట్లో మిక్సీ ఆగింది. తర్వాత కూడా అతను ఆపలేదు. సిగ్గు వల్ల నా భర్త చేత అబద్ధం చెప్పించినాను అన్న ముక్క దాకా చదివి కాగితం ఆవిడ ముందు పెట్టాడు. కీర్తన చేతులు తుడుచుకుంటూ వచ్చి అత్తగారి పక్కన కూర్చుంది. సంతకం చెయ్యబోతుంటే ఆవిడ చేతి కింద కాగితం జారింది. కాగితం కదలకుండా ఆ అమ్మాయి రెండు చేతులతోనూ పట్టుకుంది.