ఎనభైలో ఎవరో ఉన్నారు

సుకుమార్ మరణించిన తరువాత, కర్మాంతరం ముగిసేవరకు అతని కంప్యూటరును ఎవరూ ముట్టుకోలేదు. చిత్తూరులో వెబ్‌సైట్లు తయారుచేసే ఆ చిన్న దుకాణానికి యజమాని అయిన హరినాథ్ దానిపై పసుపుగుడ్డ కప్పించాడు. గుడ్డ తీసిన నాడు, ఆ కుర్చీలో సుకుమార్ చెల్లెలు ప్రశాంతిని కూర్చోబెట్టాడు. ఆమె తిరుపతిలో హాస్టల్లో ఉండి అప్పుడే కంప్యూటరు డిగ్రీ పూర్తి చేసింది.

"మామిడి గుజ్జు ఫ్యాక్టరీ జయరావు శనివారం పొద్దున వస్తాడు పాపా. మీ అన్న చేసిన సైటు ఆయనకు నువ్వే చూపించాల. బాగుంటే ఈ సీటు నీది. లేకుంటే పలమనేరు నుంచి ఒక పిల్లోడు వస్తానంటాండాడు. ఏమనుకోవద్దు" అన్నాడు హరినాథ్.

శనివారం ఉదయం ఆమె, సైట్లను సొంత కంప్యూటరులోనే నడిపి చూపే ఎక్సాంప్ తెరిచి, అందులోని అపాచీ అనే వెబ్ సర్వర్‌ను ప్రారంభించే బటన్ నొక్కింది. అది ఒక క్షణం కదిలి ఆగిపోయింది. మళ్ళీ నొక్కినా అంతే. దోషాల చిట్టా తెరిస్తే, బ్రౌజరు వచ్చి తట్టే తలుపు వంటి ఎనభయ్యవ పోర్టును వాడుకోవడం సాధ్యం కాలేదని వ్రాసి ఉంది.

"ఎనభైలో ఇంకెవరో ఉన్నారన్నా" అంది.

"దుకాణంలో మనమిద్దరమే కదా" అని హరినాథ్ నవ్వబోయి, పక్కన మడిచి పెట్టిన పసుపుగుడ్డ వైపు చూసి మానుకున్నాడు.

ఆమె ఆదేశాలు టైపు చేసే నల్లని కిటికీ తెరచి, ఏ పోర్టు ఎవరి చేతిలో ఉందో చెప్పే నెట్‌స్టాట్ ఆదేశం ఇచ్చింది. ఎనభైని పట్టుకున్న ప్రోగ్రాము సంఖ్య వచ్చింది. టాస్క్ మేనేజరులో ఆ సంఖ్యకు ఎదురుగా ఐనెట్‌ఇన్ఫో అనే పేరు కనిపించింది. అది విండోస్‌తోపాటు వచ్చే మరొక వెబ్ సర్వర్; కంప్యూటరు వెలిగిన ప్రతిసారీ తనంతట తానే మేలుకొంటుంది. సుకుమార్ ప్రతి ఉదయం దాన్ని చేతితో ఆపి, ఆ పిమ్మట అపాచీని లేపేవాడు. ఆ సంగతి అతడు ఎవరికీ చెప్పలేదు.

ఆపడానికి ముందు, అది ఏమి చూపిస్తున్నదో చూడాలనిపించి, ఆమె బ్రౌజరులో ఆ కంప్యూటరుకే చిరునామా అయిన లోకల్‌హోస్ట్ అని కొట్టింది.

తెల్లని పుట తెరుచుకుంది. ఇంగ్లీషు అక్షరాలలో తెలుగు మాటలు. "ఈ రోజు శనివారం. ప్రశాంతి వచ్చే రోజు. పూతలపట్టు క్రాసుకు పో. ఆలస్యం చేయొద్దు."

ఆమె తెరను హరినాథ్ వైపు తిప్పింది. తిరుపతి బస్సు దిగే చెల్లెలిని ఇంటికి తీసుకుపోవడానికి బండి మీద బయలుదేరిన ఒక శనివారమే, ఆ క్రాసు దగ్గర లారీ అతన్ని బలిగొన్నది. వారం పేరును కంప్యూటరు గడియారం నుండి తీసుకొని, ఆ రోజు పనిని గుర్తుచేసే పుటను అతడు తనకోసమే వ్రాసుకున్నాడు; రోజూ దాన్ని చదివాకే ఆ సర్వర్‌ను ఆపేవాడు. అతడు లేడని దానికి తెలియదు.

"ఆ సర్వర్‌ను ఆపేయి పాపా" అన్నాడు హరినాథ్, గొంతు తగ్గించి.

"ఆపను అన్నా. ఇంకో దారి ఉండాది."

ఆమె అపాచీ అమరికల ఫైలులో ఎనభైకి బదులు ఎనిమిది వేల ఎనభై అని మార్చింది. అపాచీ లేచింది. చిరునామా చివర ఆ సంఖ్య చేర్చగానే మామిడిపళ్ళ బొమ్మలతో సైటు తెరుచుకుంది.

జయరావు వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "తోతాపురి యాడుండాది? సూపీ" అన్నాడు. ఆమె చూపించింది. "డబ్బాల బొమ్మ బాగుండాదే! ఏం హరీ, నా ఫోటో మాత్రం పెట్టినావు కాదు." అందరూ నవ్వారు. "సరే, మళ్ళా మొదటికి పో."

ఆమె ముఖపుట లింకు నొక్కింది. ఆ ఒక్క లింకులో సుకుమార్ పూర్తి చిరునామా వ్రాశాడు. అందులో పోర్టు సంఖ్య లేదు. సంఖ్య లేని చిరునామా ఎనభైకే పోతుంది.

మామిడిపళ్ళు మాయమయ్యాయి. "పూతలపట్టు క్రాసుకు పో. ఆలస్యం చేయొద్దు."

"ఇదేందబ్బా? ఎవుర్ని పొమ్మంటాండాది?" అన్నాడు జయరావు.

ప్రశాంతి ఆ మాటలను మరొకసారి చదివింది. ఇది నడిచినంత కాలం ప్రతి శనివారం అన్నను ఆ క్రాసుకు పంపుతూనే ఉంటుందని ఆమెకు తోచింది. ఎవరూ పోరు, అయినా పంపుతుంది.

"ఒక్క నిమిషం సార్. ఇది మా అన్న వ్రాసుకున్నది" అంది.

సర్వీసుల జాబితా తెరచి, అందులో ఆ విండోస్ సర్వర్ పేరైన వరల్డ్ వైడ్ వెబ్ పబ్లిషింగ్ మీద ఆపు అని నొక్కింది. ఇక తనంతట తాను లేవకుండా దాని తీరు మార్చింది. అపాచీకి ఎనభైని తిరిగి ఇచ్చి, ఆపి మళ్ళీ ప్రారంభించింది. ఈసారి అది నిలిచింది.

బ్రౌజరులో అన్న పుట ఇంకా అలాగే ఉంది. తెరచినప్పుడు వచ్చిన అక్షరాలవి, వాటి వెనుక ఎవరూ లేరు. తాజాపరచే మీట మీద వ్రేలు ఉంచి ఆమె ఆగింది.

"పొయ్యేది లేదులే అన్నా. నేనే వచ్చేసినాను కదా" అంది, తనకు మాత్రమే వినిపించేటట్లు.

మీట నొక్కింది. తెరనిండా మామిడిపళ్ళు.

"ఆ, ఇది! బాగుండాది. సోమవారానికి నా ఫోటో కూడా పెట్టమ్మా" అంటూ జయరావు లేచాడు.