పేమెంట్స్ టీమ్‌కు పోయిన వినతిపత్రం

మా అన్న ధనరాజ్‌కు చేవెళ్లలో జిరాక్స్ షాపు ఉంది. ఎమ్మార్వో ఆఫీసుకు పోయేవాళ్లంతా ముందు అతని దగ్గరికే వస్తారు. పింఛన్ కావాలన్నా, పాసుబుక్కులో పేరు ఎక్కాలన్నా కాగితం అన్నే రాయాలి. 'కడు నిరుపేదను' అని మొదలుపెట్టి, 'తమరి దయ' అని ముగిస్తాడు. మండలంలో ఆ పనికి అతన్ని మించినవాడు లేడు, ఒప్పుకుంటాను. కానీ ఆ విద్య నా మీద చూపిస్తాడని మాత్రం అనుకోలేదు.

కరోనా కాస్త తగ్గి, సాఫ్ట్‌వేర్ కంపెనీలు మనుషుల కోసం ఎగబడుతున్న ఏడాది అది. నేను మా ఊరు ముడిమ్యాలలో ఇంటి నుంచే టెస్టింగ్ పని చేస్తున్నాను. గచ్చిబౌలి కంపెనీ ఒకటి రెండు ఇంటర్వ్యూలు చేసి ఏడు లక్షలకు ఆఫర్ ఇచ్చింది. అదే పనికి బయట ఎనిమిది, తొమ్మిది నడుస్తోంది. ఏడు తక్కువని నేనంటే, ఎంత ఆశిస్తున్నారో మెయిల్ చేయమని, పే స్లిప్పులు కూడా పంపమని హెచ్‌ఆర్ నవ్యశ్రీ ఫోన్‌లో చెప్పింది. ఇంట్లో స్కానర్ లేదు కనుక స్కాన్ చేయడానికి అన్న షాపుకు పోయాను. మెయిల్ సగం రాసి, ఆకలేసి ఇంటికొచ్చాను. అన్న కంప్యూటర్‌లో నా మెయిల్ తెరిచే ఉండిపోయింది.

మర్నాడు నవ్యశ్రీ జవాబు చూసి నాకు ఒళ్లు మండింది. మా కుటుంబ పరిస్థితి తెలిసి బాధపడ్డారట. ఆఫర్ ఎలాగూ ఇప్పటి జీతం కంటే ఎక్కువే కనుక మాకు ఊరటగా ఉంటుందని ఆశిస్తున్నారట. కింద చూస్తే నా పేరుతో పోయిన మెయిల్, నిండా అమ్మానాన్నల కష్టాలు. బాపుకు షుగర్‌తో కాలు తీసేసిన సంగతి, అవ్వ కూలికి పోవడం, నాలుగుచోట్ల 'దయచేసి'. నేను చేసిన పని గురించి ఒక్క ముక్క లేదు.

షాపుకు పోయి అడిగితే అన్నకు నా కోపమే అర్థం కాలేదు.

"నీకోసమే రాసిన. అడిగితే తప్పేంది? ఎక్కడన్న గిట్లనే అడుగుతరు."

నాకు ఏడుపొచ్చేంత కోపం వచ్చింది. నన్ను రెండుసార్లు కూర్చోబెట్టి ప్రశ్నలడిగిన మనుషులకు ఇప్పుడు నేను పాపం అనిపించే అమ్మాయినయ్యాను. తప్పు సరిదిద్దుతానని అన్న ఇంటర్నెట్‌లో ఇంకో నమూనా మెయిల్ వెతికి తెచ్చాడు. 'లోతైన మార్కెట్ పరిశోధన అనంతరం, నా విలువకు అనుగుణంగా' అంటూ సాగింది. అది చదివితే నేనే నన్ను గుర్తుపట్టలేను. అన్నను కుర్చీలోంచి లేపి నేను కూర్చున్నాను. ఇంగ్లీషులో రాసింది తెలుగులో చెబితే ఇంతే.

'నవ్యశ్రీ గారూ, మొన్న ఫోన్‌లో మాట్లాడటం బాగా అనిపించింది. మీ పేమెంట్స్ టీమ్‌లో చేరాలని నాకు నిజంగా ఉంది. నిన్నటి మెయిల్‌లోని ఇంటి సంగతులు పక్కన పెట్టేయండి, పని గురించి మాట్లాడుకుందాం. ఇప్పటి కంపెనీలో రెండు రోజులు పట్టే టెస్టింగ్‌ను ఒక పూటలో అయ్యేలా ఆటోమేట్ చేశాను. ఇంటర్వ్యూలో మీవాళ్లు ఎక్కువగా అడిగింది దాని గురించే. ఆ పనికి తొమ్మిది లక్షలు సరైనదని నా ఉద్దేశం. అది కుదిరితే వెంటనే సంతకం చేస్తాను. రేపు వీలు చూసుకుని ఒకసారి ఫోన్ చేస్తారా?'

అన్న భుజం మీదుగా చదివి తల పట్టుకున్నాడు. ఇలా రాస్తే పొగరనుకుంటారని, ఉన్న ఆఫర్ కూడా పోతుందని అన్నాడు. పోతుందేమోనని నాకూ భయంగానే ఉంది. పోతే పోనీ అనుకుని పంపేశాను.

మర్నాడు నవ్యశ్రీ ఫోన్ చేసింది. ఆ పోస్టుకు తొమ్మిది దాకా పోలేరట. మేనేజర్‌తో మాట్లాడి ఎనిమిదిన్నర చేయించింది. బోనస్ కలపకుండానే అంత. కొత్త ఆఫర్ లెటర్ మెయిల్‌లో పడ్డాకే సరేనన్నాను. మొదటి మెయిల్ చూసి ఏం చెప్పాలో తెలియలేదని, రెండోది చూపిస్తే మేనేజర్ ఆటోమేషన్ గురించే అడిగారని చెప్పి నవ్వింది.

అన్నకు చెబుదామని సంతోషంగా షాపుకు పోయాను. అవ్వ అప్పటికే ఫోన్‌లో చెప్పేసిందట. అన్న ఎవరికో కాగితం రాస్తూ, గర్వంగా చెబుతున్నాడు.

"మా బాపు కాలు సంగతి రాసిన. గది సదివిన్రు, పెంచిన్రు."

మళ్లీ మండింది. ఎదురుగా పోయి నిలబడ్డాను.

"బాపు కాలు పోయిందని బాపే ఎవ్వల ముందట చెప్పుకోడు అన్న. నువ్వెట్ల రాసినవ్?"

అన్న కీబోర్డు మీది చేతులు తీసేశాడు.