సుందరమ్మ పాటా, మూగబోయిన స్పీకరూ

పంట కృతజ్ఞత పండుగ దగ్గరపడిందనగా సుందరమ్మ గొంతు పోయింది. జలుబుతో మొదలై, చివరికి గుసగుస తప్ప మాట బయటికి రాని దాకా వచ్చింది. మునగాల చుట్టుపక్కల నాట్లకు పోయే ఆడవాళ్లలో ఆమె గొంతు తెలియనివాళ్లు లేరు. పొలంలో ఆమె పాట ఎత్తుకుంటే పక్క మడిలోని వరస కూడా అందుకునేది. అట్లాంటి గొంతు సరిగ్గా పండుగకు ముందు మూగబోయింది.

ఈసారి పండుగలో ఆమె సొంతంగా కట్టిన పాట పాడాలని చర్చి పెద్దలు నిర్ణయించారు. నాట్లప్పటి రాగానికి దేవుడి మాటలు కూర్చిన పాట అది. సుందరమ్మ బడికి పోలేదు. పాటంతా నడుం వంచి నారు నాటుతూ మనసులోనే కట్టుకున్నది. కోదాడలో టీచరుగా చేస్తున్న కూతురు ప్రమీల ఆ పాట విని, తల్లిని తన ఇంటికి పిలిపించుకుని, తలుపులు మూసి, ఫ్యాను ఆపి ఫోన్లో రికార్డు చేసింది. కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టింది. సూర్యాపేట పోయి చక్రాల బ్లూటూత్ స్పీకర్ ఒకటి కొని తల్లికి ఇచ్చింది.

సుందరమ్మ భర్త దావీదు మాత్రం ఆ పాటను మెచ్చుకోలేదు. ఆయన చాలా ఏళ్లుగా చర్చిలో పాటల పుస్తకం పట్టుకుని ముందు వరసలో పాడే మనిషి. పుస్తకంలో ఉన్న పాటకు ఒక మర్యాద ఉంటుందని ఆయన నమ్మకం. భార్య మొదటిసారి పాట వినిపించినప్పుడు ఒక్కటే అన్నాడు.

"నాట్ల కాడి రాగం చర్చిల ఎందుకే?"

ఆ మాట సుందరమ్మకు గుచ్చుకుంది. మళ్లీ ఆయన ముందు పాడలేదు. గ్రూపులో పాట పెడితే మరుదులు, మేనకోడళ్లు అందరూ మెచ్చుకున్నారు. దావీదు మాత్రం ఒక్క చేతులు జోడించిన బొమ్మ కూడా పెట్టలేదు. కొత్త ఫోను కదా, ఆయనకు నొక్కడం రాదేమోనని ప్రమీల సర్ది చెప్పింది.

పండుగ రోజు పొద్దున ప్రమీల కోదాడ నుంచి బస్సు దిగేసరికి తల్లి గొంతు అట్లాగే ఉంది. ఉప్పునీళ్లు, మిరియాల కషాయం, దవాఖాన గోలీలు, ఏవీ పని చేయలేదు.

"నేను పాడలేనే," అని గుసగుసగా అన్నది సుందరమ్మ. "వద్దని చెప్పు."

"నీ గొంతు నా ఫోన్ల ఉంది గదమ్మ," అన్నది ప్రమీల. "స్పీకర్ల పెడతా. నీ వెంట నాట్లకొచ్చేటోళ్లు పక్కపొంటి అందుకుంటరు. నువ్వు ముందట నిలవడు, చాలు."

చర్చి నిండిపోయింది. బలిపీఠం ముందు వరి కంకుల కట్టలు, గుమ్మడికాయలు, మిరపకాయల గంపలు పెట్టారు. మిర్యాలగూడ చర్చి నుంచి కూడా ఒక బస్సు నిండా మనుషులు వచ్చారు. వాళ్ల పాటల బృందం ఒకే రంగు చీరలు కట్టుకుని, నాలుగు గొంతులు కలిపి శ్రావ్యంగా పాడి కూర్చుంది. చప్పట్లు చాలాసేపు మోగాయి. తర్వాత పాస్టరయ్య లేచి, "ఇప్పుడు మన సుందరమ్మ సొంతంగా కట్టిన పాట," అని చెప్పాడు.

సుందరమ్మ, ఆమె వెంట నాట్లు వేసే ఆడవాళ్లూ ముందుకొచ్చి నిలబడ్డారు. ప్రమీల స్పీకర్ స్విచ్ వేసింది. లైట్లు వెలిగాయి. ఫోన్లో పాట నొక్కింది.

ఏమీ వినబడలేదు.

మళ్లీ నొక్కింది. తెర మీద పాట నడుస్తున్నట్టే గీత కదులుతున్నది. స్పీకర్ లైట్లు వెలుగుతున్నాయి. శబ్దం మాత్రం లేదు. వెనక వరసల్లో గుసగుసలు మొదలయ్యాయి. సుందరమ్మ చేతులు కొంగును నలుపుతున్నాయి.

కీబోర్డు వాయించే సాంసన్ దగ్గరికొచ్చాడు. అతను ప్రమీలకు చిన్నాన్న కొడుకు. "కాలిపోయిందేమో అక్కా. పక్కకు పెట్టి వేరే పాట పాడిద్దాం," అన్నాడు మెల్లగా.

"కాలిపోతే లైట్లు ఎందుకు వెలుగుతయిరా? జర ఆగు." ప్రమీల తొందరపడలేదు. ముందు స్పీకర్ వెనక సౌండు తిప్పే నాబ్ చూసింది. పూర్తిగా కిందికి తిప్పి ఉంది.

"దీన్ని ఎవరు తగ్గించిండ్రు?"

సాంసన్ తల గోక్కున్నాడు. "నేనే అక్కా. పొద్దున కీబోర్డు వైరు దీనికి పెట్టి సూసిన. గుయ్యిమని ఒకటే మోత. తగ్గించిన."

ప్రమీల నాబ్‌ను సగం పైకి తిప్పింది. పాట రాలేదు కానీ సన్నగా గుయ్యిమనే మోత వచ్చింది. అంటే డబ్బా బాగానే ఉంది. తర్వాత ఫోను చూసుకున్నది. రింగు సౌండు నిండుగా ఉంది, పాటల సౌండు మాత్రం సున్నాలో ఉంది. క్లాసులో ఎప్పుడో తగ్గించింది ఆమే. పెంచగానే సుందరమ్మ గొంతు సన్నగా వినిపించింది. కానీ అది స్పీకర్ లోంచి కాదు, ప్రమీల అరచేతిలోని ఫోన్ లోంచి.

"పాట ఫోన్లనే పాడుతున్నది. డబ్బాకు పోతలేదు," అన్నది ప్రమీల పాట ఆపుతూ.

స్పీకర్ మీది చిన్న తెర చూసింది. అక్కడ 'లైన్' అని ఉంది. కీబోర్డు వైరు ఇంకా వెనకాల గుచ్చే ఉంది. స్పీకర్ ఆ వైరు దారినే చూస్తూ కూర్చుంటే ఫోను ఎంత పాడినా ఏం లాభం? వైరు పీకేసి, మోడ్ మీట ఒకసారి నొక్కింది. 'యూఎస్‌బీ' అని పడింది. మళ్లీ నొక్కింది. 'బ్లూటూత్ మోడ్' అని స్పీకర్ గట్టిగా పలికింది. ఆ వెంటనే టింగుమని మోగి, నీలం లైటు నిలకడగా వెలిగింది.

ముందు వరసలో ఉన్న ముసలాయన వీరయ్య, "పలికింది, పలికింది," అన్నాడు సంతోషంగా. ప్రమీల పాట నొక్కింది.

ఈసారీ పాట ఫోన్లోంచే వచ్చింది.

పాస్టరయ్య గడియారం చూసుకున్నాడు. సుందరమ్మ కూతురి దగ్గరికి వచ్చి భుజం పట్టుకున్నది. "పోనీయి బిడ్డా. దేవునికి వినవడ్డది చాలు," అని గుసగుసలాడింది.

"నీకు నేను చెప్తున్న గదా, నువ్వు పోయి నిలవడు," అన్నది ప్రమీల. ఫోన్లో బ్లూటూత్ జాబితా తెరిచింది. స్పీకర్ పేరు ఉంది. కానీ దాని కింద కనెక్ట్ అయినట్టు లేదు. పేరు మీద నొక్కితే కాసేపు తిరిగి, కుదరలేదని చెప్పింది.

ఆమె నీలం లైటు వైపు మళ్లీ చూసింది. ఫోను కోసం వెతుక్కుంటున్నప్పుడు ఆ లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. ఇప్పుడు కదలకుండా వెలుగుతున్నది. టింగుమని మోగింది కూడా. అంటే స్పీకర్ అప్పటికే ఏదో ఒక ఫోనుకు జత అయింది. ఆ ఫోను తనది కాదు.

ప్రమీల తలెత్తి, బడిలో పిల్లలకు చెప్పినట్టే అందరికీ వినబడేటట్టు చెప్పింది.

"ఈ స్పీకర్ ఒక్కసారికి ఒక్క ఫోన్‌తోనే జత అయితది. ఆఖరుకు ఎవరి ఫోన్‌తో వాడితే ఆన్ కాంగనే దాన్నే పట్టుకుంటది. ఇప్పుడు ఈడున్న ఎవరి ఫోన్నో పట్టుకుంది. దూరం ఉంటే పట్టుకోదు, దగ్గర్నే ఉండాలె. దయచేసి అందరు ఒకసారి మీ బ్లూటూత్ సూసుకోండ్రి."

జేబుల్లోంచి, సంచుల్లోంచి ఫోన్లు బయటికొచ్చాయి. సాంసన్ తనది చూపించాడు, ఆఫ్‌లో ఉంది. మిర్యాలగూడ వాళ్లు తల అడ్డంగా ఊపారు. "ఇది మా ఇంట్ల డబ్బా గదా, బయటోళ్ల ఫోన్‌తో ఎప్పుడు వాడినం?" అని ప్రమీల తనలో తాను అనుకుంటూ ఉండగా, ముందు వరసలో పాటల పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చున్న దావీదు మెల్లగా లేచాడు. చొక్కా జేబులోంచి ఫోను తీశాడు. ఎవరి వైపూ చూడకుండా కూతురి చేతిలో పెట్టాడు.

"నాది సూడు," అన్నాడు.

ప్రమీల చూసింది. స్పీకర్ పేరు కింద 'కనెక్టెడ్' అని ఉంది. ఫోను తెర పైభాగంలో ఒక పాట మధ్యలో ఆగి ఉంది. అది ఆమె గ్రూపులో పెట్టిన అమ్మ పాట.

"నాయినా, నువ్వెప్పుడు విన్నవ్ ఇది?"

"పొద్దున," అన్నాడు దావీదు. చర్చి అంతా తన మాట వింటున్నదని ఆయనకు తెలుస్తూనే ఉంది. "రోజు పొద్దున డబ్బాను ఇంటెన్కకు తీస్కపోయి, బర్రెలకు గడ్డేసుకుంట సన్నగ పెట్టుకొని ఇంటున్న. సాంసనే నేర్పిండు ఎట్ల కలపాల్నో."

సాంసన్ నవ్వాపుకోలేకపోయాడు. "చెప్పొద్దన్నడు అక్కా పెదనాయిన."

సుందరమ్మ భర్త వైపు తిరిగింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన ఆమె వంటను మెచ్చుకున్నాడు, కష్టాన్ని మెచ్చుకున్నాడు. పాటను ఎన్నడూ మెచ్చుకోలేదు. "మరి నాకెందుకు చెప్పలే?" అన్నది. గొంతు లేక ఆ మాట ఆయనకొక్కడికే వినిపించింది.

"నాట్ల రాగం చర్చిల ఎందుకంటిని గదా. రోజు ఇన్నంక తెలిసింది ఎందుకో. ఎట్ల చెప్పాల్నో తెల్వలే," అన్నాడు ఆయన కూడా చిన్నగానే.

ప్రమీల తన ఫోను బ్లూటూత్ ఆపేసింది. తండ్రి ఫోను స్పీకర్‌తో కలిసే ఉంది కనుక ఇక విడదీసి మళ్లీ కలిపే పని లేదు. ఫోను ఆయన చేతికే తిరిగి ఇచ్చింది. "నువ్వే పెట్టు నాయినా. మొదటికెళ్లి."

దావీదు గీతను వేలితో వెనక్కి జరిపి నొక్కాడు.

సుందరమ్మ గొంతు చర్చి గోడల దాకా నిండింది.

*బురదలో మా అడుగు, వరుసలో మా చెయ్యి,*
*వంగిన మా నడుము చూసె నా దేవుడు.*
*ఒక్కొక్క మొలకకు ఒక్కొక్క పేరిడి*
*పచ్చగా పిలిచిండు నా దేవుడు.*

ముందు నిలబడ్డ ఆడవాళ్లు రెండో చరణం నుంచి అందుకున్నారు. పొలంలో ఎట్లా పాడతారో అట్లాగే, ఒకరు వదిలిన చోట ఇంకొకరు. సుందరమ్మ పెదవులు కదుపుతూ, తన గొంతు తనే బయటి నుంచి వింటూ నిటారుగా నిలబడింది. దావీదు తన చోటుకు వెళ్లి కూర్చోలేదు. పుస్తకం బల్ల మీద వదిలేసి, భార్య పక్కన నిలబడి పాడాడు. ఒక్క మాట కూడా తప్పలేదు. మూడో చరణం దగ్గర మిర్యాలగూడ బృందం కూడా లేచి నిలబడింది. వాళ్లకు మాటలు రావు కానీ రాగం దొరికింది, దానికే గొంతులు కలిపారు.

అందరూ భోజనాలకు కూర్చుంటుండగా మిర్యాలగూడ బృందం పెద్దావిడ దావీదు కోసం వెతుక్కుంటూ వచ్చింది. "అన్నా, ఆ పాట మాకు పంపియ్యరాదె. వచ్చే పండక్కు మా చర్చిల పాడుకుంటం. అది ఏ పుస్తకంలది?"

"ఏ పుస్తకంల లేదమ్మా," అన్నాడు దావీదు. జేబులోంచి ఫోను తీశాడు. పాట పంపే ముందు ఆగి, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ కింద ఒక వరస కొట్టాడు. ప్రమీల భుజం మీదుగా తొంగి చూసింది.

'ఈ పాట కట్టింది, పాడింది సుందరమ్మ, మునగాల.'

"పాడేటప్పుడు ముందుగాల ఈ పేరు చెప్పాలె," అన్నాడాయన ఆవిడతో. "మరవొద్దు."

విస్తళ్లు పరుస్తున్న సుందరమ్మ ఆ మాట విన్నది. తలెత్తలేదు. చేతిలోని విస్తరిని మాత్రం భర్త ముందు అందరికంటే ముందు పరిచింది.