తెల్లబల్బు కింది కుండీ

నిరుడు నా ప్రాజెక్టును మా క్లాసు వర్ష ఎత్తిరాసి బహుమతి కొట్టేసింది. ఆ మంట చల్లారలేదు. ఈసారి నా నోటుబుక్కును కావాలనే ల్యాబ్ బల్ల మీద వదిలాను.

పరికల్పన సరిగ్గానే రాశాను: పెసర మొక్కలు ఆకుపచ్చ వెలుగులో కన్నా ఎర్ర వెలుగులో ఎక్కువ బరువు పెరుగుతాయి. మార్చేది రంగు. కొలిచేది ఎండబెట్టిన మొక్క బరువు. మట్టి, నీళ్లు, వెలుగు తీవ్రత అన్ని కుండీలకూ ఒకటే. పోల్చుకోవడానికి పెట్టాల్సిన కంట్రోల్ కుండీ పేజీని మాత్రం చింపి దాచాను.

వనపర్తి సైన్స్ ఫెయిర్‌లో జడ్జి సారు వర్ష బల్ల దగ్గర ఆగాడు.

"మామూలు వెలుగుల ఎంత పెరుగుతయో ఎట్ల తెల్సిందమ్మా? తెల్లబల్బు కింది కుండీ ఏది?"

వర్ష నా వైపు తిరిగి అరిచింది.

"హెప్సిబా, నీ బుక్కుల అది లేకుండె గదనే!"

సారు పెన్ను ఆగింది. నేను నా తెల్లబల్బు స్విచ్చి వేశాను.