పాసేజీలో లేని జవాబు

మాధవీలత జవాబు పత్రాలు దిద్దడం ఆపి, ప్రణీత కాగితాన్ని పక్కకు తీసి పెట్టింది. మూడో ప్రశ్నకు రైల్వే క్వార్టర్ల పిల్లలందరూ మొదటి ఆప్షన్‌కే టిక్కు పెట్టారు. ప్రణీత ఒక్కతే మూడోది పెట్టింది. సరైనది మూడోదే. ఆ ఒక్క మార్కుతో ప్రణీత అందరికన్నా పైకి వెళ్లింది, రాజేంద్ర రెండో స్థానంలో మిగిలాడు.

బిలాస్‌పూర్ తోర్వా పేటలో తన ఇంటి ముందుగదిలో మాధవీలత బ్యాంకు క్లర్కు పరీక్షకు ఇంగ్లీషు చెబుతుంది. ఈసారి రాయ్‌పూర్‌లో ఒక సంస్థ రెండు నెలలు ఉచితంగా ఉంచుకుని శిక్షణ ఇస్తానంది. ఒక్కో కోచింగ్ నుంచి ఒక్క పేరే పంపాలి. ఆదివారం పెట్టిన ఈ పరీక్షలో మొదటివాళ్ల పేరే పంపుతానని ఆమె పిల్లలకు ముందే చెప్పింది. మంగళవారం సాయంత్రంలోగా ఆ పేరు వెళ్లాలి.

"ఎవరొచ్చారే ఫస్టు?" అని అడిగింది అత్తగారు అసిరమ్మ, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ.

"మేడ మీద ప్రణీత."

అసిరమ్మ చేతిలో కాయ ఆగిపోయింది. "అదేటి? ఆ పిల్ల నిన్న శనివారం పెరుగు తోడు కోసం వచ్చింది కదా. గిన్నె పట్టుకుని ఈ బల్ల దగ్గరే నిలబడింది. నీ కాగితాలన్నీ ఇక్కడే ఉన్నాయి."

మాధవీలతకు గుర్తొచ్చింది. ప్రశ్నపత్రం, దాని కింద జవాబుల కీ, రెండూ ఆ రోజు బల్ల మీదే ఉన్నాయి. తను లోపల ఫోన్లో మాట్లాడుతోంది.

"చదవడం చూశారా అత్తయ్యా?"

"నిలబడితే చదవదేటి? కళ్లు మూసుకుని నిలబడుతుందా?"

ప్రణీత వాళ్లు కరీంనగర్ వైపు వాళ్లు. తండ్రి తిరుపతయ్య బ్యాంకులో పని చేస్తాడు, బదిలీ మీద బిలాస్‌పూర్ వచ్చి మేడ మీద అద్దెకు దిగాడు. తరగతిలో మిగతావాళ్లంతా శ్రీకాకుళం, విజయనగరాల నుంచి తాతల కాలంలోనే రైలు పనికి వచ్చిన కుటుంబాల పిల్లలు. వాళ్లలో వాళ్లు ఒక్క మాటగా ఉంటారు. ప్రణీత కిటికీ పక్కన ఒంటరిగా కూర్చుంటుంది.

మాధవీలత మళ్లీ మూడో ప్రశ్న పాసేజీ చదివింది. చలికాలంలో ఒక రైలు సెక్షన్‌లో రాత్రి గస్తీ గురించి రాసిన ముక్క అది. చలికి పట్టాలు కుంచించుకుని పగుళ్లు రావచ్చనీ, అందుకే డిసెంబరులో గస్తీ పెట్టారనీ మొదట్లో ఉంది. గస్తీ వాళ్లు టార్చిల వెలుతురు చాలడం లేదని మొరపెట్టుకుంటే, జనవరి మొదట్లో కొత్త టార్చిలు ఇచ్చారు. ఆ రెండు నెలల్లోనూ రాత్రి చలి ఇంచుమించు ఒకేలా ఉంది. జనవరిలో పగుళ్ల నివేదికలు రెట్టింపయ్యాయి. అలా ఎందుకు పెరిగాయని పాసేజీ సూచిస్తోంది? ఇదీ ప్రశ్న.

మొదటి ఆప్షన్: జనవరి చలి ముదిరి పట్టాలు ఎక్కువగా పగిలాయి. రెండోది: కొత్త టార్చిలతో ఇక ఏ పగులూ కంటపడకుండా పోదు. మూడోది: వెలుతురు మెరుగై, ఇదివరకు కనబడని పగుళ్లు కనబడి ఉండవచ్చు. నాలుగోది: చలి తగ్గినా గస్తీ వాళ్లు ఎక్కువ దూరం నడిచారు.

తన పిల్లలు ఎక్కడ పడ్డారో ఆమెకు అర్థమైంది. వాళ్ల ఇళ్లల్లో తండ్రులూ తాతలూ చలికాలం తెల్లవారుజామున పట్టా పగిలిన కథలు చెబుతూనే ఉంటారు. 'చలి', 'పట్టా', 'పగులు' అనే మాటలు కనిపించగానే జవాబు పాసేజీ నుంచి కాక ఇంటి నుంచి వచ్చేసింది. నడుమ ఉన్న 'ఇంచుమించు ఒకేలా' అన్న ముక్క మీద కన్ను ఆనలేదు.

వాళ్లు ఎందుకు తప్పారో తెలిసింది. ఈ పిల్ల ఎందుకు తప్పలేదో మాత్రం తెలియలేదు. ప్రణీత కాగితంలో ఏడో ప్రశ్న తప్పు. కీ చూసిన పిల్లయితే అది మాత్రం ఎందుకు తప్పుతుంది?

"కావాలనే ఒకటి తప్పు రాసుంటుంది. దొంగకి ఆమాత్రం తెలివి ఉండదేటి?" అంది అసిరమ్మ.

ఒప్పు రాస్తే దొంగతనం. తప్పు రాస్తే తెలివైన దొంగతనం. మాధవీలతకు ఆ మాట నచ్చలేదు. అయినా మనసులోంచి పోలేదు. మేడ మెట్ల మీద ప్రణీత అడుగుల చప్పుడు వినిపిస్తే తలుపు వైపు చూసింది.

సోమవారం పొద్దున్న మార్కులు చదవగానే గదిలో అలజడి మొదలైంది.

"కీ తప్పు మేడమ్," అన్నాడు రాజేంద్ర లేచి. వాళ్ల నాన్న లోకో షెడ్‌లో పని చేస్తాడు. "చలికే పట్టాలు పగుల్తాయి. మా తాత పట్టాల గ్యాంగులో చేశాడు. నేను చిన్నప్పటి నుంచీ వింటన్నాను."

"మీ తాత చెప్పింది నిజమే. కానీ ఈ పాసేజీలో ఏ వాక్యం నీ జవాబుని మోస్తోంది?"

రాజేంద్ర కాగితం తిరగేశాడు. మొదటి వాక్యం చూపించాడు.

"అది గస్తీ ఎందుకు పెట్టారో చెబుతుంది. నివేదికలు ఎందుకు పెరిగాయో చెప్పదు. ప్రణీతా, నువ్వు చెప్పు. ఎందుకు మూడోది పెట్టావ్?"

ప్రశ్నలోని అనుమానం ప్రణీతకు వినిపించినట్టుంది. లేచి నిలబడి గిల్లుకుంటున్న గోళ్లు వెనక్కి దాచుకుంది. "నాకు పట్టాల ముచ్చట ఏం తెల్వదు మేడమ్. అందుకే మెల్లగ చదివిన. రెండు నెలలు చలి ఒక్కతీరుగనే ఉందని రాసిండ్రు. గట్లయితే ఒకటోది పోయింది. నాలుగోదాంట్ల చలి తగ్గిందని ఉంది, అదీ పోయింది. ఎక్కువ నడిచినట్టు యాడా లేదు. రెండోదాంట్ల 'ఏ పగులూ' అని ఉంది. టార్చి మంచిదైతే అన్నీ దొరుకుతయని పాసేజీ అనలే. మిగిలింది మూడోది. దాంట్ల 'ఉండవచ్చు' అని మెత్తగ రాసిండ్రు, అందుకు పెట్టిన."

"అచ్ఛా, ఇంటి దగ్గర బట్టీ పట్టి వచ్చింది," అంది వెనక బల్ల నుంచి సౌభాగ్య. "మేడ మీద ఉండి మేడమ్ ఇంట్లో పేపరు చూడదేటి?"

కొందరు నవ్వారు. ప్రణీత మాధవీలత వైపు చూసింది. మాధవీలత 'కాదు' అనలేదు.

"రేపు ఇంకో పాసేజీ ఇస్తాను," అంది. "దీనికి మార్కులు లేవు. అందరూ రాయండి."

ఆ రాత్రి పాసేజీని తనే సొంతంగా రాసింది. దాన్ని బల్ల మీద పెట్టలేదు, బీరువాలో పెట్టి తాళం వేసింది. అసిరమ్మ చూసి తల ఊపింది.

మంగళవారం ఇచ్చిన పాసేజీ ఒక బ్యాంకు శాఖ గురించి. లైను పెద్దదవుతోందని మేనేజరు ఇంకో కౌంటరు తెరిచాడు. లైను తగ్గలేదు. కంప్యూటరు అప్పుడప్పుడు ఆగిపోయేది. అయితే ఆగని రోజుల్లోనూ లైను అంతే ఉండేది. కౌంటరు ముందు నిలబడి ఫారాలు నింపుకునేవాళ్లు చాలామంది ఉన్నారని మేనేజరు గమనించాడు. ఫారాలు ముందే నింపిపెట్టడానికి ఒక మనిషిని గుమ్మం దగ్గర కూర్చోబెట్టాడు. లైను సగానికి తగ్గింది. కౌంటరు పెంచినా లైను తగ్గకపోవడానికి ముఖ్య కారణం ఏమిటి?

కాగితాలు అక్కడే తీసుకుని చూసింది. రాజేంద్ర ఫారాలకు టిక్కు పెట్టాడు. సౌభాగ్య కూడా అంతే. దాదాపు అందరూ అంతే. ప్రణీత మాత్రం కంప్యూటరుకు పెట్టింది.

"చూశారా మేడమ్!" రాజేంద్ర గొంతు పెరిగింది. "కీ లేకపోతే ఇంతే. సీదా దొరికిపోయింది."

ప్రణీత ముఖం తెల్లబోయింది. గదిలో గుసగుసలు లేచాయి. మాధవీలత కూడా ఒక్క క్షణం, అయిపోయిందిలే, తేలిపోయిందిలే అనుకుంది. ఆ మాట ఎంత తేలిగ్గా నోటికి వచ్చిందో చూసుకుని ఆగింది. ఇంత తేలిగ్గా వచ్చే జవాబునే కదా, రోజూ పిల్లల్ని ఆగి చూడమనేది.

"ప్రణీతా, కంప్యూటరు ఎందుకు పెట్టావ్?"

"మా నాయిన రోజూ ఇదే చెప్తడు మేడమ్. సర్వర్ పోతే లైను రోడ్డు దాక పోతదని. నేను చూసిన కూడా." ఆ పిల్ల కాగితం మళ్లీ చదువుకుంది. వేలు ఒక వాక్యం దగ్గర ఆగింది. "అరె... ఆగని రోజుల్ల కూడా లైను అంతే ఉందట. గిది నేను సూడలే."

మాధవీలత రాజేంద్ర వైపు తిరిగింది. "నీకు ఈ వాక్యం ఎలా కనిపించింది?"

"రాసుంది కదా మేడమ్. నాకు బ్యాంకు గురించి ఏటి తెలుసు? రాసిందే చదివాను."

"మరి గస్తీ పాసేజీలో?"

రాజేంద్ర నిన్నటి కాగితం తీసి, 'ఇంచుమించు ఒకేలా' అన్న చోట వేలు పెట్టాడు.

"తప్పు ఆప్షన్ రాసేవాడికి మీ ఇళ్లన్నీ తెలుసు," అంది మాధవీలత. "బయట నిజమైన మాటని తెచ్చి, పాసేజీలోని రెండు మాటలు దానికి అతికిస్తాడు. చూడగానే మనవాడిలా కనిపిస్తుంది, లోపలికి రానిచ్చేస్తాం. ఎక్కడ మనకి బాగా తెలుసో అక్కడే ఆప్షన్‌ని ఎక్కువ అనుమానించాలి. నిన్ను నిలబెట్టే వాక్యం ఏది, చూపించు అని అడగాలి. చూపించలేకపోతే కొట్టేయాలి. సగం చూపిస్తే రెండో సగం కూడా అడగాలి."

"అయితే కీ చూడలేదంటారా?" అంది సౌభాగ్య.

"ప్రణీత శనివారం మా ఇంటికి వచ్చింది, నిజం. కాగితాలు బల్ల మీద ఉన్నాయి, నిజం. చూసింది అన్నది మూడో మాట. ఆ మాటకి వాక్యం ఎక్కడుంది? ఎవరైనా చూశారా?"

సౌభాగ్య పక్కవాళ్ల వైపు చూసింది.

"ఏడో ప్రశ్న జవాబు కూడా ఆ కీలోనే ఉంది. అది ప్రణీత తప్పు రాసింది. మీరందరూ ఇంటిని నమ్మి రైలు దగ్గర పడ్డారు, తను ఇంటిని నమ్మి బ్యాంకు దగ్గర పడింది. నాకు కనిపిస్తున్నది ఇంతే."

"చూడలేదని కూడా రాసి లేదు కదా మేడమ్," అన్నాడు రాజేంద్ర నెమ్మదిగా. గొంతులో పౌరుషం తగ్గింది, ఆశ మాత్రం పూర్తిగా పోలేదు. అతనికీ రాయ్‌పూర్ కావాలి.

"లేదు. రాసి లేనిదాని మీద ఒక పిల్ల పేరు కొట్టేయను."

సాయంత్రం ప్రణీత పేరే పంపింది. అసిరమ్మ "నీ ఇష్టం," అని వంటింట్లోకి వెళ్లింది.

శనివారం గుమ్మం దగ్గర చప్పుడైతే మాధవీలత వెళ్లి చూసింది. ప్రణీత స్టీలు గిన్నె పట్టుకుని గడప అవతల నిలబడి ఉంది. మర్నాడు పొద్దున్నే రాయ్‌పూర్ రైలు ఎక్కాలి.

"మా అమ్మ తోడు అడగమన్నది మేడమ్."

"లోపలికి రా."

"వద్దు మేడమ్. ఈడనే ఉంట."

మాధవీలత వెనక్కి తిరిగి చూసింది. బల్ల మీద ఒక్క కాగితం లేదు. అన్నీ బీరువాలోనే ఉన్నాయి. ఆ పిల్ల కూడా గడప అవతలి నుంచే ఖాళీ బల్లను చూసింది.

అసిరమ్మ చెంచాతో పెరుగు తెచ్చింది. గిన్నెలో వేసింది. "రైల్లో తినడానికి ఏటి కడుతోంది మీ అమ్మ?" అని అడిగింది.

"ఇంకా ఏం అనుకోలే అమ్మమ్మా."

"నేను పులిహోర చేస్తాను. పొద్దున్నే వచ్చి తీసుకెళ్లు." ఆమె ప్రణీత దాటని గడప వైపు చూసింది. "లోపలికి వచ్చి తీసుకెళ్లు."

ప్రణీత వస్తాననలేదు, రాననలేదు. గిన్నె మీద మూత పెట్టుకుని మెట్లెక్కింది.