సీసాలో చెమ్మ

మరిదికి తెలియని విషయం భూమ్మీద లేదు. ఆఫీసులో ఫైళ్ళకు లేబుళ్ళు అంటించి రిటైరైన మహానుభావుడు, పెరట్లో అడుగుపెట్టి నెల తిరక్కుండానే విత్తనశాస్త్రం మొదలుపెట్టాడు. వదిన మొహం తిప్పుకుని నవ్వుకునేది.

ఆవిడ టమాటా గుజ్జును గిన్నెలో మూడు రోజులు పులియబెడితే, కంపు కొడుతోందని ముక్కు మూసుకున్నాడు. గింజల చుట్టూ ఉన్న జిగురు విడిచి, మంచి గింజలు అడుక్కి దిగితే, వాటిని కడిగి పింగాణీ పళ్ళెంలో ఆరబెట్టింది. మరిది మాత్రం తన గింజల్ని కాగితం మీద పోసి, అంటుకుపోయాక గోళ్ళతో గీకాడు. ఆవిడ పండు మిరపకాయల్ని నీడన ఆరేస్తే, ఎండలో పెడితే ఒక్కపూటలో తేలిపోయేదానికి ఇంత చాదస్తమేమిటన్నాడు.

చిక్కుడు గింజలు మాత్రం తానే చూసుకుంటానని లాక్కున్నాడు. అవి అత్తగారు ముప్పై ఏళ్ళు కాపాడిన చారల చిక్కుడు గింజలు. కిందటేటివన్నీ నాటేశారు, తీగలు పీకేశారు. మిగిలినవి అవే. పోతే ఆ చిక్కుడు ఇక లేనట్టే.

వాన వెలిసిన మర్నాడే కాయలు ఒలిచి, రెండు రోజులు ఆరబెట్టి, గాజు సీసాలో పోసి మూత బిగించాడు. సీసా మీద ముత్యాల్లాంటి అక్షరాలతో తేదీ కూడా రాశాడు. ఆరిన గింజ పంటి కింద పెడితే నొక్కు పడకూడదు, సుత్తితో కొడితే పగలాలి అన్న సంగతి ఆయనగారికెందుకు? అక్షరాలు కుదిరాయి కదా, చాలు.

నాలుగో రోజున దుమ్ము తుడుస్తూ వదిన సీసా లోపల సన్నటి చెమ్మ చూసింది. మూత తీసి గింజలు మళ్ళీ ఆరబోస్తే సరిపోయేది. ఆవిడ సీసాను ఉన్నచోటే పెట్టి, ఏడవనీ, అప్పుడైనా బుద్ధొస్తుంది అనుకుంది. ఆ పూట వంట కూడా హుషారుగా చేసింది.

నాటే ముందు మూత తీస్తే ముక్కిన వాసన గుప్పుమంది. గింజల మీద బూజు. తడిగుడ్డలో పది చుట్టి వారం చూశారు. ఒక్కటీ మొలవలేదు. మిగిలినవీ చుట్టారు. అవీ కుళ్ళాయి.

మరిది కుళ్ళిన గింజల్ని దోసిట్లోకి తీసుకున్నాడు. అమ్మ గింజల్ని చంపేశానన్నాడు. ఆరలేదని ఎలా తెలుస్తుందో ఇప్పుడైనా చెప్పమని, జీవితంలో మొదటిసారి వదినను అడిగాడు.

నెలల తరబడి నాలుక చివర దాచుకున్న దెప్పుడు మాటల్ని ఆవిడ మింగేసింది.

"సీసా లోపల చెమ్మ పడుతుంది," అంది.

"నేను చూడలేదు వదినా."

"నేను చూశాను."

మరిది తలెత్తి ఆవిడ మొహంలోకి చూశాడు. ఆవిడ పెరట్లో మూలన ఖాళీగా నిలబడ్డ చిక్కుడు పందిరికేసి తిరిగింది.