సగం బోనస్

హేమచంద్రకి ఇన్సూరెన్స్ ఏజెంటు అంటేనే గిట్టదు. అలాంటిది, క్లెయిమ్ పెట్టొద్దని ఏజెంటే బతిమాలితే ఊరుకుంటాడా?

కారు ఏడేళ్లది, ఆయన భార్య సీతారత్నం పేరున ఉంది. బేగంపేట ఫ్లైఓవర్ కింద ఎవడో ఆటోవాడు సడెన్ బ్రేకు వేస్తే ముందు బంపరూ, గ్రిల్లూ, ఒక హెడ్‌లైటూ పోయాయి. ఎస్టిమేటు ఇరవై రెండు వేలు. మర్నాడు ఇన్సూరెన్స్ చేయించిన రఫీ సైనిక్‌పురిలో వాళ్లింటికి వచ్చాడు.

"వద్దు సార్. పద్దెనిమిది వేల సామాను అంతా ప్లాస్టిక్కే. ప్లాస్టిక్‌కి అరుగుదల అని, డిప్రిసియేషన్ కింద సగం కోస్తరు. లేబర్ నాలుగు వేలు కలిపి, వెయ్యి మీరే పెట్టుకోవాలె. చేతికొచ్చేది పన్నెండే. గా పన్నెండు కోసం, క్లెయిమ్ పెట్టనోళ్లకి ప్రీమియంల ఇచ్చే తగ్గింపు, మీ నో క్లెయిమ్ బోనస్ మొత్తం పోతది. మళ్ల సగం బోనస్‌కి ఎక్కాలంటే ఐదేండ్లు."

"నా కారు ఐడీవీ నాలుగు లక్షలు అని రాశారుగా! మరి ఇరవై రెండు వేలకి కత్తెర ఎందుకు?"

"గది బండి దొంగలు ఎత్తుకపోతేనో, మొత్తం తుక్కు అయితేనో ఇచ్చే విలువ సార్. బంపర్‌కి గాదు."

లెక్క సరిగ్గానే ఉంది. హేమచంద్రకి అసలు అనుమానం అక్కడే పుట్టింది. లెక్క చెబుతున్న మనిషి రుమాలుతో మెడ ఎందుకు తుడుచుకుంటున్నాడు? పైగా, "షెడ్డుల మాట్లాడి ఆరు వేలు తగ్గించిన" అన్నాడు. ఊరికే ఆరు వేలు తగ్గించే షెడ్డు సికింద్రాబాద్‌లో ఎక్కడుంది? లోపల కాఫీ కలుపుతున్న సీతారత్నం గ్లాసు జారవిడిచింది. ఆయన అటు చూడలేదు. ఇంట్లోవాళ్లని అనుమానించడం ఆయనకి అలవాటు లేదు. అందుకు బయట చేతినిండా మనుషులున్నారు.

పాత కంపెనీని వదిలేసిందీ అందుకే. ఈ ఏడు రెన్యువల్ నోటీసులో ప్రీమియం ఒక్కసారిగా పెరిగి, బోనస్ దగ్గర సున్నా కనబడింది. "పుట్టి బుద్ధెరిగాక ఒక్క క్లెయిమ్ పెట్టినవాణ్ణి కాదు. నాకు సున్నానా? దొంగ వెధవలు!" అని కాగితం చింపి, రఫీ చేత వేరే కంపెనీలో చేయించాడు. "క్లెయిమ్ ఏమన్నా ఉందా సార్?" అని రఫీ అడిగితే నవ్వి, "నాకా?" అన్నాడు. సగం బోనస్‌తో పాలసీ వచ్చింది.

ఈ రఫీ నా ప్రీమియంలో ఏదో నొక్కేశాడు, క్లెయిమ్ పెడితే బయటపడుతుందని భయం. ఇలా అనుకున్నాక ఆయనకి ఆ రాత్రి హాయిగా నిద్ర పట్టింది. పొద్దున్నే బేగంపేటలోని కంపెనీ ఆఫీసుకు వెళ్లి, ముందు రఫీ మీద ఫిర్యాదు రాసిచ్చాడు, తర్వాత క్లెయిమ్ పెడతానన్నాడు. కౌంటర్లో ఎలీనా అనే అమ్మాయి కంప్యూటర్ చూసింది. మళ్లీ చూసింది.

"సర్, క్లెయిమ్ ఇంకా నమోదు చేయను. ముందు ఇది వినండి. పోయినేడు పాత కంపెనీలో ఈ బండికి ఒక క్లెయిమ్ ఉంది. అంటే మీకు బోనస్సే రాదు. కానీ సగం బోనస్ తీసుకున్నారు. ఈ క్లెయిమ్ పెడితే, పాత క్లెయిమ్ లేదని తప్పు డిక్లరేషన్ ఇచ్చారని కొట్టేస్తారు. ప్రీమియంలో ఆ తేడా కట్టేసుకుంటే, ఇకముందుకైనా పాలసీ నిలబడుతుంది."

హేమచంద్ర మొహం వెలిగిపోయింది. దొంగ దొరికాడు!

"చూశారా! రఫీ నా పేరు చెప్పి డబ్బు కొట్టేశాడు!"

"పోయినేడు మీకు రఫీ ఏజెంట్ కాదు కదా సర్. క్లెయిమ్‌లో ఓనర్ సంతకం ఉందట."

"ఫోర్జరీ!" అని అక్కడికక్కడే భార్యకి ఫోన్ చేసి, అందరూ వినాలని స్పీకర్ పెట్టాడు. "రత్నం, నీ సంతకం ఎవడో పెట్టాడే! పోలీసు కేసు పెడుతున్నా!"

అవతల స్టవ్ కట్టేసిన చప్పుడు.

"అది నా సంతకమేనండీ."

ఎలీనా కీబోర్డు మీద నుంచి చేతులు తీసేసింది.

"మీరు విజయవాడ వెళ్లినప్పుడు ఏ.ఎస్. రావు నగర్‌లో స్తంభానికి గుద్దాను. డోరు నొక్కుకుపోయింది. మీరు వచ్చేలోగా బాగు చేయించేశాను. మొన్న బంపర్ పోయాక, బండి నా పేరున ఉందని రఫీ నాకు ఫోన్ చేసి వివరాలు అడిగితే, చెప్పేశాను. ఆయన బెంబేలెత్తిపోయాడు. మీకు చెప్పొద్దని నేనే కాళ్లావేళ్లా పడ్డాను. షెడ్డులో తగ్గించానన్న ఆ ఆరు వేలూ నేనిచ్చినవే. ఆయన్నేమీ అనకండి."

హేమచంద్రకి సిగ్గేసింది. కౌంటర్ మీద తను రాసిచ్చిన ఫిర్యాదుని వెనక్కి లాక్కున్నాడు. స్పీకర్ ఆపడం మాత్రం మరిచిపోయాడు.

"ఏడాది నుంచీ నాకొక్క మాట చెప్పలేకపోయావా, రత్నం?"

"చెబుదామనే అదను కనిపెట్టుకుని ఉన్నానండీ. మీరు రోజూ ఎవరో ఒకరిని దొంగ అంటూనే ఉన్నారు. మరి నన్నేమంటారోనని భయమేసింది."